అద్దెకు అడుగులు, క్యాంటీన్‌కు మనుషులు, మరి మెషిన్ విలువ దేనికి?

ప్రశ్న: సార్, చర్లపల్లిలో ఒక చిన్న ఇంజనీరింగ్ యూనిట్‌లో అకౌంట్స్ చూస్తున్నాను. మెషిన్ షాప్, ఫ్యాబ్రికేషన్, అసెంబ్లీ, స్టోర్స్ ఉన్నాయి. ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్స్ నెలకు 9,60,000 రూపాయల దాకా వస్తాయి. ఇన్నాళ్లూ అంతా చదరపు అడుగుల లెక్కన పంచేస్తున్నాం. ఫ్యాబ్రికేషన్ సూపర్‌వైజర్ "అంతా నా మీదే రుద్దుతున్నారు" అంటున్నాడు. పుస్తకంలో విస్తీర్ణం, మనుషుల సంఖ్య, మెషిన్ విలువ అని మూడు ఆధారాలు ఉన్నాయి. ఏ ఖర్చుకు ఏది వాడాలి, ఆ అంకెలు ఎక్కడి నుంచి తీసుకోవాలి? "ఎలా పంచినా మొత్తం మారదు కదా, ఎందుకీ శ్రమ?" అని మా ఓనర్ గారు అడుగుతున్నారు. ఆయనకు ఏం చెప్పాలి?

సమాధానం:

ముందు మీ ఓనర్ గారి మాట తీసుకుందాం. మొత్తం మారదన్నది నిజమే. ఎలా పంచినా 9,60,000 అలాగే ఉంటుంది. నెలాఖరు లాభనష్టాల్లో కూడా నిల్వ సరుకు విలువ దగ్గర తప్ప తేడా కనబడదు. తప్పు పంపకం ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండేది ఇందువల్లే. అది బయటపడేది కొటేషన్‌లో. ఒక విభాగం గంట రేటు ఉండాల్సిన దానికన్నా తక్కువైతే ఆ పని తక్కువ ధరకు ఒప్పుకుంటారు. ఇంకో విభాగం రేటు ఎక్కువైతే ఆ ఆర్డర్ పక్క షెడ్డుకు పోతుంది. ఈ రెండూ మీ దగ్గర జరుగుతున్నాయని నా అనుమానం. అది ఎందుకో అంకెలతో చూపిస్తాను.

మీరు ఖర్చుల విడివిడి వివరాలు ఇవ్వలేదు. కాబట్టి మీలాంటి యూనిట్‌కు సరిపోయేలా, లెక్కకు తేలికగా ఉండే అంకెలు నేనే వేసుకుంటున్నాను. మీ సొంత అంకెలు పెట్టి మళ్లీ చేసుకోండి. షెడ్డు అద్దె 3,60,000. కరెంటు 2,40,000. మెషిన్ల తరుగుదల 1,80,000. క్యాంటీన్, బస్సు, టైమ్ ఆఫీసు కలిపి 1,60,000. మెషిన్ల ఇన్సూరెన్స్ నెలకు 20,000. కలిపితే 9,60,000.

ఇప్పుడు మీరు చేస్తున్నట్టే అంతా విస్తీర్ణం మీద పంచుదాం. మెషిన్ షాప్ 5,000 చదరపు అడుగులు, ఫ్యాబ్రికేషన్ 7,000, అసెంబ్లీ 4,000 అనుకోండి. స్టోర్స్‌ను పక్కన పెడితే 16,000 అడుగులు, అడుగుకు 60 రూపాయలు. మెషిన్ షాప్ మీద 3,00,000, ఫ్యాబ్రికేషన్ మీద 4,20,000, అసెంబ్లీ మీద 2,40,000 పడతాయి. ఈ మూడు అంకెలు గుర్తుపెట్టుకోండి, చివర్లో వీటితోనే పోల్చాలి.

ఇందులో తప్పేమిటంటే, అద్దె తప్ప మిగతా ఏ ఖర్చుకూ అడుగులతో సంబంధం లేదు. ఫ్యాబ్రికేషన్‌కు చోటు ఎక్కువ కావాలి. పెద్ద ఫ్రేములు తిప్పాలి, ప్లేట్లు పరచాలి. అంతమాత్రాన వాళ్ల మనుషులు ఎక్కువ భోజనాలు చేయరు, వాళ్ల మెషిన్లకు ఎక్కువ ప్రీమియం పడదు. కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ జారీ చేసిన ప్రమాణం సీఏఎస్-3 కూడా ఇదే చెబుతుంది. నేరుగా ఒక విభాగానికి వేయలేని ఖర్చును కారణం చూసి గానీ, ఎవరు ఎంత ప్రయోజనం పొందారో చూసి గానీ పంచాలి. నేను ప్రతి ఖర్చు ముందూ ఒకటే ప్రశ్న వేసుకుంటాను: "ఏది పెరిగితే ఈ బిల్లు పెరుగుతుంది?" చోటు పెరిగితే పెరిగేదానికి విస్తీర్ణం, మనుషులు పెరిగితే పెరిగేదానికి తలల లెక్క, ఖరీదైన మెషిన్ కొంటే పెరిగేదానికి మెషిన్ విలువ. మూడింటిలో ఏదీ కాకపోతే ఆ ఖర్చుకు ఈ మూడూ పనికిరావు, వేరేది వెతకాలి.

విస్తీర్ణం

అద్దె, షెడ్డు రిపేర్లు, ఆస్తి పన్ను, ఊడ్చే తుడిచే ఖర్చు దీని మీద పోతాయి. షెడ్డంతా ఒకే రకం లైట్లుంటే లైటింగ్ కూడా వేయొచ్చు.

ఇక్కడ మొదటి ప్రశ్న ఏ అడుగులు తీసుకోవాలన్నది. అద్దె ఒప్పందంలో 20,000 అడుగులని రాసి ఉంటుంది. మీరు టేపు పెట్టి కొలిస్తే నాలుగు విభాగాలూ కలిపి 18,000 వస్తాయి అనుకుందాం, స్టోర్స్ 2,000తో సహా. మిగతా 2,000 ట్రాలీలు తిరిగే నడవాలు. నడవాలకు విడిగా ఒక గడి పెట్టకండి, అది ఏ విభాగమూ కాదు. 3,60,000ను 18,000తో భాగిస్తే అడుగుకు 20 రూపాయలు. నడవాల అద్దె అందులోనే అందరి మీదా సమంగా సర్దుకుపోతుంది. మెషిన్ షాప్‌కు 1,00,000, ఫ్యాబ్రికేషన్‌కు 1,40,000, అసెంబ్లీకి 80,000, స్టోర్స్‌కు 40,000. ఏదైనా నడవా ఒక్క విభాగమే వాడుతుంటే మాత్రం దాన్ని ఆ విభాగం అడుగుల్లో కలిపేయండి.

కొలత డ్రాయింగ్ చూసి రాసుకోవద్దు. నేను ఒక యూనిట్‌లో చేరిన కొత్తలో గోడమీది లేఅవుట్ చూసి అడుగులు రాసుకున్నాను. అసెంబ్లీ సూపర్‌వైజర్ నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు. డ్రాయింగ్‌లో తన పేరు మీద ఉన్న బేలో దాదాపు సగం ఫ్యాబ్రికేషన్ వాళ్ల వెల్డింగైన ఫ్రేములే ఉన్నాయి, పెయింటింగ్‌కు వెళ్లేదాకా అక్కడే పడి ఉంటాయట. అద్దె భారం ఒకరిది, చోటు వాడకం ఇంకొకరిది. అప్పటి నుంచి సూపర్‌వైజర్లను వెంటబెట్టుకుని, వాళ్ల ముందే కొలుస్తాను. కాగితం మీద ఇద్దరి సంతకాలూ తీసుకుంటాను. ఆ తర్వాత గొడవలు చాలావరకు తగ్గుతాయి.

ఆరుబయట యార్డు ఉంటే దాన్ని షెడ్డు అడుగులతో సమానంగా లెక్కపెట్టకూడదు. ఇనుప ప్లేట్లు ఎండలో పేర్చుకునే చోటుకూ, రేకుల కింద క్రేన్ ఉన్న చోటుకూ ఒకే అద్దె ఎవరూ ఇవ్వరు. ఒప్పందంలో విడి రేట్లు ఉంటే అవే తీసుకోండి. లేకపోతే మీ ఏరియాలో ఖాళీ స్థలం, షెడ్డు ఏ నిష్పత్తిలో అద్దెకు పోతున్నాయో కనుక్కోండి. మేము ఒకచోట నాలుగడుగుల యార్డును ఒక షెడ్డు అడుగుగా మార్చుకుని లెక్క వేశాం.

ఖాళీగా పడి ఉన్న బే సంగతి వేరు. రేపటి విస్తరణకని తీసుకుని వాడకుండా ఉంచిన చోటు అద్దెను ఈ రోజు పనుల మీద వేస్తే మీ కొటేషన్లు ఊరికే ఉబ్బుతాయి. దాన్ని వాడని సామర్థ్యం ఖర్చుగా విడిగా చూపించి, నేరుగా లాభనష్టాలకు పంపండి. ఓనర్ గారికి అది ప్రతి నెలా ఒక అంకెగా కనబడటం కూడా అవసరమే.

మనుషుల సంఖ్య

క్యాంటీన్ సబ్సిడీ, బస్సు, టైమ్ ఆఫీసు, యూనిఫాం, ఫస్ట్ ఎయిడ్ లాంటివి దీని మీద పోతాయి. పీఎఫ్, ఈఎస్ఐ మాత్రం పోవు. అవి జీతాన్ని బట్టి వచ్చేవి, పైగా జీతాల పట్టికలో ఎవరిది ఎంతో ఉంటుంది. నేరుగా ఆ విభాగానికే వేసేయండి.

తలల లెక్కలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది, నేనూ చేశాను. పేరోల్ తెరిచి అందులో ఉన్న పేర్లు లెక్కపెట్టేస్తాం. మన చిన్న యూనిట్లలో కాంట్రాక్టర్ మనుషులు పేరోల్‌లో ఉండరు. వాళ్ల ఖర్చు లేబర్ కాంట్రాక్టర్ బిల్లు రూపంలో వేరే లెడ్జర్‌లోకి పోతుంది. కానీ క్యాంటీన్‌లో వాళ్లూ తింటారు, బస్సూ ఎక్కుతారు, గేటు దగ్గర వాళ్లకూ పంచింగ్ ఉంటుంది.

మన ఉదాహరణలో పేరోల్ మీద 50 మంది ఉన్నారనుకోండి: మెషిన్ షాప్ 16, ఫ్యాబ్రికేషన్ 12, అసెంబ్లీ 18, స్టోర్స్ 4. కాంట్రాక్ట్ మీద ఇంకో 30 మంది: ఫ్యాబ్రికేషన్‌లో 14, అసెంబ్లీలో 12, మెషిన్ షాప్‌లో ఇద్దరు, స్టోర్స్‌లో ఇద్దరు. పేరోల్ లెక్కన 1,60,000ను 50తో భాగిస్తే మనిషికి 3,200 పడి, మెషిన్ షాప్ మీద 51,200, ఫ్యాబ్రికేషన్ మీద 38,400 వస్తాయి. అందరినీ లెక్కపెడితే 80 మంది, మనిషికి 2,000. మెషిన్ షాప్ 36,000కు దిగుతుంది, ఫ్యాబ్రికేషన్ 52,000కు ఎక్కుతుంది. అసెంబ్లీకి 60,000, స్టోర్స్‌కు 12,000. అంటే పేరోల్ చూసి పంచితే కాంట్రాక్ట్ మనుషులు తిన్న భోజనం ఖర్చులో కొంత సీఎన్‌సీ ఆపరేటర్ల లెక్కలో పడుతుంది.

కాబట్టి పేరోల్ బదులు గేటు మస్టర్ తీసుకోండి. ఒక్క రోజు తలలు కాకుండా నెలంతటి హాజరు దినాలు కలిపి పనిదినాలతో భాగించండి. ఫ్యాబ్రికేషన్‌లో డిస్పాచ్ ముందు పది రోజులు మనుషులు రెట్టింపవుతారు, నెల చివరి రోజు మస్టర్ చూస్తే ఆ సంగతి తెలియదు. రెండు షిఫ్టులుంటే ఇద్దరూ ఇద్దరే, ఒకే మెషిన్ మీద పనిచేసినా రెండు భోజనాలు కదా. రెండు విభాగాలు చూసే సూపర్‌వైజర్‌ను సగం సగం రాసుకోండి. క్యాంటీన్‌లో టోకెన్లు ఉంటే టోకెన్ల లెక్కే వాడండి, తలల కన్నా అది మేలు.

మెషిన్ విలువ

ఎక్కువ తప్పులు దీనితోనే వస్తాయి, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. ఈ ఆధారం సరిగ్గా సరిపోయే ఖర్చులు చాలా తక్కువ. ఇన్సూరెన్స్ ఒకటి. ఆస్తి రిజిస్టర్‌లో విభాగం పేరు లేనప్పుడు తరుగుదల ఇంకొకటి. అంతకు మించి నేను దీన్ని వాడను.

ముందు "విలువ" అంటే ఏ విలువ? ఇన్సూరెన్స్‌కు పాలసీ షెడ్యూల్ తీయండి. ఏ మెషిన్‌కు ఎంత బీమా మొత్తం అని అందులో వరసగా రాసి ఉంటుంది, ప్రీమియం లెక్కకట్టింది దాని మీదే. పుస్తకంలో మిగిలిన విలువతో దానికి సంబంధం ఉండదు. పాత లేత్ పుస్తకాల్లో దాదాపు సున్నాకు వచ్చి ఉండొచ్చు. కానీ కాలిపోతే కొత్తది కొనాలి కాబట్టి కొత్తదాని ఖరీదుకే బీమా చేసి ఉండొచ్చు. పుస్తక విలువ మీద పంచితే ఆ లేత్ ప్రీమియాన్ని నిరుడు కొన్న వెల్డింగ్ సెట్లు మోస్తాయి.

మన ఉదాహరణలో బీమా మొత్తం 4 కోట్లు: మెషిన్ షాప్ 3 కోట్లు, ఫ్యాబ్రికేషన్ 60 లక్షలు, అసెంబ్లీ 30 లక్షలు, స్టోర్స్ 10 లక్షలు. 20,000ను ఆ నిష్పత్తిలో పంచితే వరసగా 15,000, 3,000, 1,500, 500. ఏడాది ప్రీమియం ఒకేసారి కడతారు కాబట్టి పన్నెండుతో భాగించి నెలకు వేసుకోవడం మర్చిపోకండి. కట్టిన నెల మొత్తాన్నీ ఆ నెల పనుల మీద వేసిన వాళ్లను చూశాను.

తరుగుదలకు అసలు పంపకమే అవసరం లేకుండా చేసుకోవడం మంచిది. ప్రతి మెషిన్ ఒక విభాగంలోనే ఉంటుంది, దాని తరుగుదల ఆ విభాగానిదే. రిజిస్టర్‌లో ఒక కాలమ్ పెంచి విభాగం పేరు రాస్తే చాలు. మీది భాగస్వామ్య సంస్థ అయితే మాత్రం ఒక చిక్కు ఉండొచ్చు. చాలామంది ఆదాయపు పన్ను లెక్క ఒక్కటే ఉంచుకుంటారు. అందులో మెషిన్లన్నీ ఒకే బ్లాక్‌గా ఉంటాయి, మామూలు మెషిన్లకు బ్లాక్ మొత్తం మీద 15 శాతం వేస్తారు. ఏ మెషిన్‌ది ఎంతో ఆ లెక్కలో దొరకదు. అప్పుడు పాత ఇన్‌వాయిస్‌లు తీసి మీరే ఒక జాబితా రాసుకోవాలి: మెషిన్, కొన్న ఏడాది, ఖరీదు, ఎన్నేళ్లు నడుస్తుంది, ఏ విభాగంలో ఉంది. మీ యూనిట్‌కు అది రెండు మూడు రోజుల పని.

ఆ జాబితా తయారయ్యేదాకా విలువ మీద పంచక తప్పదంటే, తరుగుదల ఏ విలువ మీద కట్టారో ఆ విలువే తీసుకోండి. ఏటా సమానంగా కడితే కొన్న ఖరీదు, తగ్గుతున్న విలువ మీద కడితే ఏడాది మొదట్లో ఉన్న పుస్తక విలువ. ఆయుష్షు పూర్తయి తరుగుదల ఆగిపోయిన మెషిన్లను ఈ లెక్కలోంచి తీసేయాలి, ఇన్సూరెన్స్ లెక్కలో మాత్రం ఉంచాలి. ఒకే మెషిన్ ఒక ఖర్చుకు లెక్కలో ఉండి ఇంకో ఖర్చుకు ఉండకపోవడం వింతగా అనిపించవచ్చు, కానీ అదే సరైనది. మన ఉదాహరణలో రిజిస్టర్ సరిచేసుకున్నాం అనుకుందాం. మెషిన్ షాప్ తరుగుదల 1,26,000, ఫ్యాబ్రికేషన్ 36,000, అసెంబ్లీ 14,400, స్టోర్స్‌లోని ఫోర్క్‌లిఫ్ట్, ర్యాకులకు 3,600. ఇది పంచింది కాదు, నేరుగా వేసింది.

ఇక కరెంటు. మెషిన్లకే కదా కరెంటు అని చాలామంది దీన్నీ మెషిన్ విలువ మీద వేస్తారు. దయచేసి అలా చేయకండి. ఖరీదుకూ కరెంటుకూ పొత్తు కుదరదు. ఒక సీఎన్‌సీ లేత్ ఖరీదు పాతిక లక్షలైనా, కోత నడుస్తున్నప్పుడే దాని మోటారు గట్టిగా లాగుతుంది. 400 ఆంపియర్ల వెల్డింగ్ సెట్ లక్ష అటూ ఇటూ దొరుకుతుంది, కానీ ఆర్క్ పట్టినంతసేపూ దాని వాడకం ఆ లేత్‌కు ఏమీ తీసిపోదు. విలువ మీద పంచితే 2,40,000లో మెషిన్ షాప్ మీద 1,80,000, ఫ్యాబ్రికేషన్ మీద 36,000 పడతాయి. కిలోవాట్లను నడిచిన గంటలతో గుణించి పంచితే మన ఉదాహరణలో మెషిన్ షాప్ 1,20,000, ఫ్యాబ్రికేషన్ 96,000, అసెంబ్లీ 19,200, స్టోర్స్ 4,800 వస్తాయి. ఒక్క ఖర్చులోనే 60,000 ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి జారిపోయింది. విభాగానికో సబ్‌మీటర్ పెడితే ఈ లెక్క కూడా అక్కర్లేదు. ఆ ఖర్చు పెట్టమని ఓనర్ గారిని అడగండి. అందరి పనికీ గాలి ఇచ్చే కంప్రెసర్‌ను ఎవరు ఎంత వాడతారో మాత్రం మీరే కూర్చుని నిర్ణయించాలి.

మెయింటెనెన్స్ కూడా ఇంతే. కొత్త ఖరీదైన మెషిన్ వారంటీలో ఉంటుంది, పాతది నెలకోసారి విప్పుతారు. బ్రేక్‌డౌన్ రిజిస్టర్‌లో ఏ విభాగంలో ఎన్ని గంటలు పనిచేశారో చూసి వేయండి.

ఇప్పుడు కలిపి చూద్దాం

| ఖర్చు | మెషిన్ షాప్ | ఫ్యాబ్రికేషన్ | అసెంబ్లీ | స్టోర్స్ |
|---|---|---|---|---|
| అద్దె | 1,00,000 | 1,40,000 | 80,000 | 40,000 |
| క్యాంటీన్, బస్సు | 36,000 | 52,000 | 60,000 | 12,000 |
| ఇన్సూరెన్స్ | 15,000 | 3,000 | 1,500 | 500 |
| కరెంటు | 1,20,000 | 96,000 | 19,200 | 4,800 |
| తరుగుదల | 1,26,000 | 36,000 | 14,400 | 3,600 |
| మొత్తం | 3,97,000 | 3,27,000 | 1,75,100 | 60,900 |

స్టోర్స్ ఏమీ తయారు చేయదు, కాబట్టి దాని 60,900ను మిగతా ముగ్గురికీ ఇచ్చేయాలి. ఇక్కడ మళ్లీ అడుగులూ తలలూ వాడకండి. స్టోర్స్ పని ఇష్యూ స్లిప్పులతో పెరుగుతుంది. నెలకు 600 స్లిప్పుల్లో మెషిన్ షాప్‌వి 120, ఫ్యాబ్రికేషన్‌వి 180, అసెంబ్లీవి 300 అనుకుంటే వరసగా 12,180, 18,270, 30,450 పడతాయి. బోల్టులూ వాషర్లూ రోజుకు పదిసార్లు తీసుకెళ్లే అసెంబ్లీకే ఎక్కువ రావడం న్యాయం. చివరికి మెషిన్ షాప్ 4,09,180, ఫ్యాబ్రికేషన్ 3,45,270, అసెంబ్లీ 2,05,550. కూడితే మళ్లీ 9,60,000.

మొదట గుర్తుపెట్టుకోమన్న అంకెల పక్కన ఇవి పెట్టండి. మెషిన్ షాప్ మీద 3,00,000 వేస్తున్నారు, పడాల్సింది 4,09,180. ఫ్యాబ్రికేషన్ మీద 4,20,000 వేస్తున్నారు, పడాల్సింది 3,45,270. మీ సూపర్‌వైజర్ గొడవ వెనక ఉన్నది ఈ 74,730 రూపాయలే. ఆయన మాట నిజమయ్యే అవకాశం ఎక్కువ.

గంట రేటుకు వద్దాం. మెషిన్ షాప్‌లో 10 మెషిన్లు, రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు అంటే 2,000 మెషిన్ గంటలు. పాత లెక్కన గంటకు 150 రూపాయలు, కొత్త లెక్కన సుమారు 205. ఫ్యాబ్రికేషన్‌లో మామూలుగా 4,500 మనిషి గంటలు నడుస్తాయనుకుంటే పాత రేటు 93 పైచిలుకు, కొత్తది 77కు కాస్త తక్కువ. నాలుగు మెషిన్ గంటలు పట్టే ఒక షాఫ్ట్‌కు ఓవర్‌హెడ్ 600 అని కొటేషన్‌లో వేస్తున్నారు, నిజానికి 818 పడుతోంది. ఇరవై గంటలు పట్టే ఒక ఫ్రేముకు 1,867 వేస్తున్నారు, పడేది 1,535. ఓనర్ గారి ముందు ఈ రెండు పనులూ పెట్టండి. ఎందుకు మార్చాలో మీరు విడిగా చెప్పక్కర్లేదు.

ఇక్కడ గంటలు ఈ నెల నడిచినవి తీసుకోకూడదు, మామూలు సామర్థ్యంలో నడిచే గంటలు తీసుకోవాలి. ఆర్డర్లు లేక 1,200 గంటలే నడిచిన నెలలో 4,09,180ను 1,200తో భాగిస్తే గంటకు 341 వస్తుంది. ఆ రేటుతో కొటేషన్ ఇస్తే ఉన్న ఆర్డర్లు కూడా పోతాయి. నిల్వ సరుకు విలువ కట్టేటప్పుడు కూడా స్థిర ఓవర్‌హెడ్స్‌ను మామూలు సామర్థ్యం మీదే వేయాలని అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-2 చెబుతుంది. వాడని గంటల భారం ఆ నెల నష్టంలోకి పోతుంది.

మీ దగ్గర నిజంగానే పంపకం తప్పుగా ఉందో లేదో తేల్చుకోవడానికి నేను చూసేవి రెండు. ఒకటి, గత ఏడాది పోయిన కొటేషన్ల ఫైలు. పోయినవాటిలో ఎక్కువ భాగం ఫ్యాబ్రికేషన్ పనులై, మెషినింగ్ పనులు అడిగినవన్నీ బేరం కూడా లేకుండా వచ్చేస్తుంటే అనుమానించాలి. రెండు, మెషిన్ షాప్ రెండో షిఫ్టు దాకా బిజీగా ఉన్నా ఏడాది చివర లాభం పెరగకపోవడం. మార్కెట్ ధర పడిపోయినా ఇలాగే కనిపించవచ్చు. కాబట్టి పక్క యూనిట్ల జాబ్‌వర్క్ గంట రేటుతో కూడా ఒకసారి పోల్చి చూడండి.

ఎక్సెల్‌లో పెట్టేటప్పుడు ఆధారాల వరసలు పైన, ఖర్చులు కింద పెట్టుకోండి. రెండో వరసలో C నుంచి F దాకా నాలుగు విభాగాల అడుగులు, G2లో మొత్తం, B8లో అద్దె ఉంటే C8లో ఇది రాసి F దాకా లాగండి. రెండో సూత్రం H8లో పెట్టండి:

```
=ROUND($B8*C$2/$G$2,0)
=SUM(C8:F8)-B8
```

H8లో సున్నా రావాలి. ఒకటి రెండు రూపాయలు వస్తే అది రౌండింగ్ తేడా, పెద్ద విభాగంలో సర్దేయండి. అంతకన్నా ఎక్కువ వస్తే ఏదో విభాగం ఆధారం G2లో కలవలేదని అర్థం. తలలకు, బీమా మొత్తానికి విడి వరసలు పెట్టి, ప్రతి ఖర్చు పక్కనా ఏ వరస వాడారో రాసి ఉంచండి. మీరు సెలవులో ఉన్నప్పుడు ఇంకొకరు చేసినా అదే జవాబు రావాలి.

అడుగులు లేఅవుట్ మారినప్పుడు మళ్లీ కొలవండి. బీమా మొత్తాలు పాలసీ రెన్యూవల్‌కు ఒకసారి మార్చండి. మనుషుల లెక్క ప్రతి నెలా మస్టర్ నుంచి రావాలి. మధ్యలో ఎవరో సూపర్‌వైజర్ అడిగాడని ఆధారాన్నే మార్చకండి. మార్చక తప్పకపోతే ఏడాది మొదట్లో, కారణం రాసి మార్చండి, లేకపోతే నిరుటి రేటుకూ ఈ ఏటి రేటుకూ పోలికే ఉండదు.

ఈ అంకెలను వాడకూడని చోటు కూడా ఒకటుంది. "అసెంబ్లీ మీద 2,05,550 పడుతోంది, దాన్ని బయటకు ఇచ్చేస్తే అంతా మిగులుతుంది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అసెంబ్లీ మూసినా 80,000 అద్దె ఆగదు, అది మిగతావాళ్ల మీదకు వస్తుంది. అలాంటి నిర్ణయానికి నిజంగా ఆగిపోయే ఖర్చులేవో విడిగా లెక్క వేయాలి.

ఫ్యాబ్రికేషన్ సూపర్‌వైజర్‌కు నెలాఖరున ఇచ్చే కాగితంలో కూడా రెండు భాగాలు చేయండి. పైన ఆయన చేతిలో ఉన్నవి: కరెంటు, వెల్డింగ్ వైరు, గ్రైండింగ్ వీల్స్, ఓవర్‌టైమ్. కింద ఆయన మీద పంచినవి: అద్దె, ఇన్సూరెన్స్, క్యాంటీన్ వాటా. పైభాగం గురించి ఆయన్ని అడగొచ్చు. కిందిభాగం గురించి అడగాల్సి వస్తే ఒకటే అడగండి: "మీ 7,000 అడుగుల్లో ఏమైనా వదులుకోగలరా?" అవునంటే టేపు పట్టుకుని ఆయనతో కలిసి మళ్లీ కొలవండి.